పేపర్ టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ ఎలా రాస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది? సరిహద్దు జిల్లాల పరిశోధకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ల నుంచి పరిశోధనలోకి వచ్చిన పిల్లలు పీహెచ్‌డీ మూడో ఏడాదికి వచ్చేసరికి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. గజపతి జిల్లా కొండల్లో సవరలు చేసే పోడు వ్యవసాయం మీద ఒకరు ఇంగ్లిష్‌లో పేపర్ రాశారనుకుందాం. పేపర్ కల్పితమే కానీ దానికి వచ్చే చిక్కులన్నీ నిజమైనవే.

నా పేపర్ అచ్చయింది. కానీ గూగుల్ స్కాలర్‌లో కనబడటం లేదు. తప్పు టైటిల్‌దేనా?

టైటిల్‌ను తిట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. మొదట మీ టైటిల్ మొత్తాన్ని కోట్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అప్పుడూ రాలేదంటే మీ పేపర్ అసలు అక్కడ నమోదు కాలేదన్నమాట. జర్నల్ వెబ్‌సైట్ సరిగా లేకపోవచ్చు, పీడీఎఫ్ స్కాన్ చేసిన బొమ్మ అయి ఉండవచ్చు, లాగిన్ అయితే తప్ప అబ్‌స్ట్రాక్ట్ కూడా కనబడని పేజీ కావచ్చు. పీడీఎఫ్ సైజు 5 ఎంబీ దాటకూడదని గూగుల్ స్కాలర్ నిబంధన కూడా ఉంది. ఫొటోలు గుప్పించిన మానవశాస్త్ర పేపర్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి. ఇలాంటి చోట మాటలు మార్చి లాభం లేదు.

టైటిల్‌తో వచ్చింది అంటే రెండో పరీక్ష. మీ పేరు, మీ టైటిల్ మర్చిపోండి. ఇదే విషయం మీద పని చేస్తున్న బెంగళూరు విద్యార్థో, జర్మనీ ప్రొఫెసరో ఏం టైప్ చేస్తారో అది కొట్టండి. మొదటి రెండు మూడు పేజీల్లో మీ పేపర్ లేకపోతే అప్పుడు మాటల మీద అనుమానపడాలి. అక్కడ కూడా ఒక జాగ్రత్త ఉంది. పేపర్ ఉంది కానీ బాగా వెనక ఉందంటే అది చాలాసార్లు సైటేషన్ల లెక్క. ఈ ర్యాంకింగ్ తీరును బీల్, గిప్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో పరిశీలించారు. వాళ్లకు కనబడిన అన్ని అంశాల్లోనూ ఎక్కువ బరువున్నది సైటేషన్ల సంఖ్యే. కొత్త పేపర్‌కు ఆ బలం ఉండదు. అందుకే ఎక్కువమంది వాడే పెద్ద మాట ఒక్కటే పట్టుకుంటే పాత పేపర్ల కింద పడిపోతారు. రెండు మూడు మాటలు కలిసిన చోట, అంటే ఆ జనం, ఆ పని, ఆ ఊరు కలిపి వెతికినప్పుడు, మీకు పైన చోటు దొరుకుతుంది.

సెర్చ్ ఇంజిన్ పేపర్ మొత్తం చదువుతుంది కదా? టైటిల్‌లో లేకపోతే ఏం, లోపల ఉంది కదా?

ఏ ఇంజిన్ అన్నదాని మీద ఉంటుంది. గూగుల్ స్కాలర్ పేపర్ మొత్తం చూస్తుంది, నిజమే. కానీ ఇందాక చెప్పిన పరిశీలనలోనే తేలిన ఇంకో సంగతి ఏమిటంటే, వెతికిన మాట లోపల ఎన్నిసార్లు వచ్చిందన్నది పెద్దగా లెక్కలోకి రావడం లేదు, టైటిల్‌లో ఉందా అన్నది మాత్రం గట్టిగా లెక్కలోకి వస్తోంది. పదిహేనో పేజీలో నలభైసార్లు రాసిన మాట కంటే టైటిల్‌లో ఒక్కసారి ఉన్న మాటకే విలువ.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ సంగతి వేరు. విషయం పేరుతో వెతికినప్పుడు అవి చూసేది టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్స్ మాత్రమే. లోపలి పేజీలు వాటికి లేనట్టే లెక్క. ఒక విషయం మీద వచ్చిన పేపర్లన్నీ పోగేసి సమీక్ష రాసేవాళ్లు ఎక్కువగా అక్కడే వెతుకుతారు. వాళ్ల వెతుకులాట ఇలా ఉంటుంది:

```
TITLE-ABS-KEY((saora OR sora OR savara) AND ("shifting cultivation" OR swidden))
```

మీ టైటిల్‌లో, అబ్‌స్ట్రాక్ట్‌లో, కీవర్డ్స్‌లో కలిపి చూసినా ఈ మొదటి బ్రాకెట్‌లోంచి ఒక మాట, రెండో బ్రాకెట్‌లోంచి ఒక మాట లేకపోతే మీ పేపర్ ఆ వలలో పడదు. ఎంత మంచి పేపరైనా ఆ సమీక్ష రాసేవారికి అది ఉన్నట్టే తెలియదు. నిరాకరించినట్టు ఉత్తరం కూడా రాదు కాబట్టి మీకూ తెలియదు.

సవర అనాలా, సౌరా అనాలా, సోరా అనాలా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

మన జిల్లాల్లో అందరికీ వచ్చే అసలు చిక్కు ఇదే. కొంచెం నిదానంగా చూద్దాం.

పర్లాకిమిడిలో ఉండి ఈ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. దాని ఇంగ్లిష్ పేరు ఇది:

```
A Manual of the So:ra (or Savara) Language
```

ఆ జనం తమను తాము పిలుచుకునే పేరు, బయటివాళ్లు పిలిచే పేరు రెండూ టైటిల్‌లోనే ఉన్నాయి. సెర్చ్ ఇంజిన్ అన్న ఊహే లేని రోజుల్లో పెట్టిన పేరది, ఈరోజు రెండు వైపుల నుంచి వెతికినా దొరుకుతుంది. మధ్యలో ఉన్న కోలన్ గుర్తు దీర్ఘాన్ని చూపడానికి పెట్టింది. ఈరోజు అలాంటి గుర్తులు టైటిల్‌లో పెట్టకండి. వెతికేవాళ్లు దాన్ని టైప్ చేయరు, ఒక్కో డేటాబేస్ దాన్ని ఒక్కోలా విడగొడుతుంది. ధ్వని గుర్తులకు చోటు లోపలి పేజీల్లో.

అదే జనం మీద వెరియర్ ఎల్విన్ రాసిన పెద్ద గ్రంథం 1955లో వచ్చింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘ఒక భారతీయ తెగ మతం’. ఏ తెగో పేరులో లేదు. లోపల మాత్రం ఆయన వాడిన స్పెల్లింగ్ సౌరా. ఆయన పేరున్నవాడు, అందరూ ఉదహరిస్తారు, కాబట్టి చెల్లింది. మనకు చెల్లదు. ఇక 1993లో పియర్స్ విటెబ్‌స్కీ పుస్తకం సోరా అన్న స్పెల్లింగ్‌తో వచ్చింది. భాషాశాస్త్రం వాళ్లు ఎక్కువగా సోరా అంటారు. ఒడిశా ప్రభుత్వ కాగితాల్లో సౌరా, లంజియా సౌరా కనబడతాయి. శ్రీకాకుళం వైపు ప్రభుత్వ జాబితాలో సవర. వీటిలో ఏదీ తప్పు కాదు, కానీ ఏ ఒక్కటి పట్టుకున్నా మిగతా దారుల్లో వచ్చేవాళ్లు మీ గుమ్మం దాటిపోతారు.

నేను చెప్పేది ఇది. మీ పేపర్ చదవాల్సినవాళ్లు ఏ శాఖవాళ్లో చూసి వాళ్ల స్పెల్లింగ్ టైటిల్‌లో పెట్టండి. వ్యవసాయం, అభివృద్ధి, ఒడిశా పథకాల మీద రాస్తే సౌరా. భాష మీద రాస్తే సోరా. మిగతా రెండు స్పెల్లింగులూ అబ్‌స్ట్రాక్ట్ మొదటి వాక్యంలో ఒక్కసారి, అక్కడ పట్టనిది ఏదైనా ఉంటే కీవర్డ్స్‌లో. లోపల మాత్రం ఒకే స్పెల్లింగ్ పట్టుకుని నడవండి, మార్చి మార్చి రాస్తే చదివేవారికి చిరాకు.

సోరా అన్న ఒక్క మాటనే నమ్ముకోవద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఉత్తర అమెరికాలో బురద నేలల్లో తిరిగే ఒక పక్షి పేరూ అదే స్పెల్లింగ్. దాని గూళ్ల మీద, వలసల మీద బోలెడు పేపర్లున్నాయి. తెగ పేరు పక్కన భాష అనో, జనం అనో, ఒడిశా అనో ఇంకో మాట ఉంటేనే పక్షుల గుంపులోంచి మీరు బయటపడతారు.

మాది మహారాష్ట్ర వైపు, కిన్వట్ దగ్గర. మాకూ ఇదే సమస్యా?

మీకు ఇంకా తమాషాగా ఉంటుంది. కొలాములు అని ఇంగ్లిష్‌లో రాసి వెతకండి, తమిళ ముగ్గుల గణితం మీద పేపర్లు వరసపెట్టి వస్తాయి. ముగ్గుకు తమిళంలో కోలం అంటారు, ఇంగ్లిష్ స్పెల్లింగ్ రెండిటికీ ఒకటే. కాబట్టి టైటిల్‌లో కొలాం తెగ అనో, కొలామీ భాష అనో జంటగా రాయాలి. గడ్చిరోలి, సిరొంచ వైపు మాడియా గోండుల మీద పని చేసేవాళ్లకు మాడియా, మాడియ, మారియా అని మూడు స్పెల్లింగులు ఎదురవుతాయి. మూడోది ఆడపిల్లల పేరు కూడా కనుక అది ఒంటరిగా ఎక్కడా పనికిరాదు. గోండు అన్న మాట పక్కన ఉండాల్సిందే.

పోడు అన్న మాట ఉంచాలా, తీసేయాలా? రివ్యూయర్ గారు అది స్థానిక పదం, వద్దు అన్నారు.

ఉంచండి, కానీ ఒంటరిగా కాదు. పోడు అని వెతికేవాళ్లు నిజంగానే ఉన్నారు. కోరాపుట్ నుంచి విశాఖ మన్యం దాకా, అటు తెలంగాణ అడవుల దాకా ఈ విషయం మీద పని చేసే ప్రతివారూ ఆ మాట కొడతారు. మీ పేపర్‌ను నిజంగా చదివి వాడుకునేది కూడా వాళ్లే. అయితే బ్రెజిల్ వాళ్లకో ఇండోనేసియా వాళ్లకో ఆ మాట తెలియదు. వాళ్లు షిఫ్టింగ్ కల్టివేషన్ అనో స్విడెన్ అనో కొడతారు. పోడు ఒక్కటే కొడితే రొమేనియాలో ఊళ్ల పేర్లు కూడా వస్తాయి, వాళ్ల భాషలో కొన్ని ఊరి పేర్లు అలా మొదలవుతాయి.

అందుకని టైటిల్‌లో పోడు పక్కనే షిఫ్టింగ్ కల్టివేషన్. అబ్‌స్ట్రాక్ట్‌లో ఒకచోట స్విడెన్. స్లాష్ అండ్ బర్న్ అన్న మాటను చాలామంది పరిశోధకులు ఇష్టపడరు, ఆ వ్యవసాయాన్ని అడవి తగలబెట్టడంగా చూపిస్తుందని. కానీ అటవీశాఖ వాళ్లు, ఉపగ్రహ చిత్రాల మీద పని చేసేవాళ్లు దాన్నే వాడతారు. మీకు వాళ్లు కూడా చదవాలని ఉంటే కీవర్డ్స్‌లో పెట్టండి, టైటిల్‌లో మాత్రం వద్దు. ఈశాన్య రాష్ట్రాల మాట ఝూమ్‌ను ఎక్కువమంది వెతుకుతారని చెప్పి మన కొండలకు అంటించకండి. అక్కడి పద్ధతితో మీరు నిజంగా పోల్చి ఉంటేనే అది మీ పేపర్‌లో ఉండాలి. దొరకడం కోసం లేని విషయాన్ని టైటిల్‌లో పెడితే వచ్చినవారు ఒక్క నిమిషంలో వెళ్లిపోతారు.

పంట పేర్లకూ ఇదే సూత్రం. మన వైపు చోళ్లు, దిగువ జిల్లాలవాళ్లకు రాగులు, ఒడియాలో మాండియా. ఇంగ్లిష్ పేపర్‌లో ఫింగర్ మిల్లెట్ అని టైటిల్‌లో పెట్టి, రాగి అన్న పేరు, శాస్త్రీయ నామం అబ్‌స్ట్రాక్ట్‌లో రాయండి. శాస్త్రీయ నామం స్పెల్లింగ్ రెండుసార్లు సరిచూసుకోండి, వృక్షశాస్త్రం వాళ్లు దానితోనే వెతుకుతారు.

ఒక టైటిల్‌ను మొదటి నుంచి మార్చి చూపిస్తారా?

మన ఊహా పేపర్ మొదటి టైటిల్ ఇది అనుకోండి:

```
Whispers of the Hills: A Study of Tradition and Change among a Tribal Community of South Orissa
```

వినడానికి బాగానే ఉంది. కానీ ఇందులో వెతికే మాట ఒక్కటైనా ఉందేమో చూడండి. కొండలు, సంప్రదాయం, మార్పు, తెగ: ఇవి ఎవరూ వేలు పెట్టి వెతికే మాటలు కావు, వెతికినా లక్ష పేపర్లలో ఉంటాయి. జనం పేరు లేదు, పని పేరు లేదు, జిల్లా లేదు. రాష్ట్రం పేరు కూడా పాతది.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని పేపర్‌లో ఏముందో తెలుగులోనే ఒక్క వాక్యంలో చెప్పుకోండి. ‘గజపతి జిల్లా సవరలు పోడు నేలను బీడు వదిలే కాలం తగ్గించేశారు, దాంతో చోళ్లలో కలిపి వేసే పంటలు మారాయి.’ అంతే కదా. ఇందులో ఎవరు, ఎక్కడ, ఏం పని, ఏం మారింది అన్న నాలుగూ ఉన్నాయి. ఒక్కోదానికి వెతికేవాళ్లు వాడే ఇంగ్లిష్ మాట పక్కన రాయండి.

ఆ మాట ఏదో ఊహించకండి, చూసి తెలుసుకోండి. గూగుల్ స్కాలర్‌లో టైటిల్‌లో ఉన్న మాటలనే వెతికే ఆదేశం ఒకటుంది:

```
allintitle: saora "shifting cultivation"
allintitle: savara podu
allintitle: swidden "fallow length"
```

ఒక్కోదానికి ఏమొస్తుందో చూడండి. ఫలితాల సంఖ్య ఉజ్జాయింపే, దాన్ని పట్టుకుని వేలాడకండి. పైన వచ్చిన పది పేపర్ల టైటిళ్లు చదివి, మీ విషయానికి దగ్గరివాళ్లు ఏ మాట వాడారో చూడటం ముఖ్యం. బీడు కాలాన్ని వాళ్లు ఫాలో లెంగ్త్ అంటున్నారా, ఫాలో పీరియడ్ అంటున్నారా అన్నది అక్కడ తెలుస్తుంది. ఒకటి టైటిల్‌కు, రెండోది అబ్‌స్ట్రాక్ట్‌కు. అసలు ఏమీ రాని కలయిక చూసి సంబరపడకండి. ఎవరూ రాయని చోటు అయి ఉండవచ్చు, ఎవరూ ఆ మాట వాడని చోటు కూడా అయి ఉండవచ్చు.

ఇదంతా అయ్యాక టైటిల్ ఇలా తేలుతుంది:

```
Podu shifting cultivation among the Saora of Gajapati district, Odisha: fallow length and finger millet mixtures
```

కవిత్వం పోయింది, ఒప్పుకుంటాను. కానీ సౌరా అని వెతికినా, షిఫ్టింగ్ కల్టివేషన్ అని వెతికినా, గజపతి అని వెతికినా, ఫింగర్ మిల్లెట్ అని వెతికినా ఇది పలుకుతుంది. పోడు, సౌరా ముందే వచ్చాయి, ఫలితాల జాబితాను పైనుంచి కిందికి చూసే కన్ను మొదటి ఐదారు మాటల మీదే పడుతుంది కాబట్టి. కోలన్ తర్వాతి భాగంలో అసలు కనుక్కున్నది ఉంది. కోలన్ వాడటం తప్పేమీ కాదు, కోలన్‌కు ముందు అలంకారం పెట్టి అసలు సంగతిని వెనక్కి నెట్టడమే చిక్కు. ఆ కొండల గుసగుసల మాట అంత ఇష్టమైతే లోపల ఒక ఉపశీర్షికగా పెట్టుకోండి.

మా గైడ్ గారు ‘ఎ స్టడీ ఆఫ్’, ‘విత్ స్పెషల్ రిఫరెన్స్ టు’ ఉండాల్సిందే అంటున్నారు.

థీసిస్‌కు విశ్వవిద్యాలయంలో రిజిస్టర్ అయిన టైటిల్ మార్చడం పెద్ద తంతు. ఆయనతో గొడవ పడకండి, థీసిస్‌కు అలాగే ఉంచండి. శోధ్‌గంగలో థీసిస్ ఎక్కించేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్స్ మీ చేతిలో ఉంటే అక్కడ మాటలు సరిగా పెట్టుకోవచ్చు. థీసిస్‌లోంచి తీసి జర్నల్‌కు పంపే పేపర్‌కు మాత్రం ఆ మాటలు వద్దని ఆయనకే మెల్లగా చెప్పండి. పేపర్ అంటేనే స్టడీ, దాన్ని మళ్లీ చెప్పక్కర్లేదు. ‘విత్ స్పెషల్ రిఫరెన్స్ టు గజపతి డిస్ట్రిక్ట్’ అనే బదులు ‘ఇన్ గజపతి డిస్ట్రిక్ట్’ అంటే మూడు మాటలు మిగులుతాయి, ఆ చోట ఫింగర్ మిల్లెట్ పడుతుంది. ఈ లెక్క చూపిస్తే చాలామంది గైడ్లు ఒప్పుకుంటారు.

అబ్‌స్ట్రాక్ట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మన దగ్గర వచ్చే అబ్‌స్ట్రాక్ట్‌లు చాలావరకు ఇలా మొదలవుతాయి:

```
Tradition is the soul of any society. In the era of globalisation, tribal communities are facing many changes. The present paper is a humble attempt to study these changes.
```

మూడు వాక్యాలు అయిపోయాయి, ఇంకా ఏ జనమో తెలియలేదు. జర్నల్ ఇచ్చేది 200, 250 మాటలే. అందులో పదో వంతుకు పైగా గాలికి పోయింది. గూగుల్ స్కాలర్ ఫలితాల్లో టైటిల్ కింద రెండు మూడు లైన్ల ముక్క కనబడుతుంది కదా, అందులో ఈ వినయం కనబడితే ఎవరు నొక్కుతారు?

అదే చోట ఇలా రాయవచ్చు:

```
Podu is the shifting cultivation, or swidden, practised by the Saora, also written Sora or Savara, in the Eastern Ghats of Odisha, India. We ask how shorter fallow periods change the crops sown with finger millet, or ragi, Eleusine coracana, on hill plots in Gajapati district.
```

రెండు వాక్యాల్లో జనం పేరు మూడు స్పెల్లింగులతో వచ్చింది, పనికి మూడు పేర్లు వచ్చాయి, పంటకు మూడు వచ్చాయి, కొండల పేరు, దేశం పేరు వచ్చాయి. అయినా మామూలు వాక్యాల్లాగే ఉన్నాయి, జాబితాలా లేవు. దేశం పేరు మర్చిపోయేవాళ్లు చాలామంది. ఒడిశా ఎక్కడుందో మనకు తెలుసు, కానీ ఇండియా అని కొట్టి వడపోసేవాళ్ల చేతికి ఆ మాట లేని పేపర్ చిక్కదు.

తర్వాతి వాక్యాల్లో పద్ధతి పేరు పెట్టి చెప్పండి. ఇంటింటి ఇంటర్వ్యూలా, జీపీఎస్‌తో పొలాల కొలతలా, ఉపగ్రహ చిత్రాలా అన్నది రాయండి. పద్ధతి పేరుతో వెతికేవాళ్లు కూడా ఉంటారు. ఫలితం దగ్గర మాత్రం దయచేసి దాచకండి. ‘ఫలితాలు చర్చించబడ్డాయి’ అని రాస్తే ఏమొచ్చినట్టు? బీడు ఎన్నేళ్ల నుంచి ఎన్నేళ్లకు తగ్గిందో ఆ అంకెలు, ఏ పంట పోయి ఏ పంట మిగిలిందో ఆ పేర్లు అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఉండాలి. కందులు పోయాయంటే పిజియన్‌పీ అన్న మాట అక్కడ సహజంగానే పడుతుంది, కందుల మీద పని చేసేవారికి కూడా దొరుకుతారు.

అయితే ఆ మాటల్ని పదేపదే రాస్తే ఇంకా పైకి వస్తుందా?

రాదు. ఒకే మాట అబ్‌స్ట్రాక్ట్‌లో ఆరుసార్లు ఉంటే సెర్చ్ ఇంజిన్‌కు కొత్తగా తెలిసేది ఏమీ లేదు, ఎడిటర్‌కు మాత్రం ఒళ్లు మండుతుంది. ముఖ్యమైన మాట టైటిల్‌లో ఒకసారి, అబ్‌స్ట్రాక్ట్‌లో ఒకటి రెండుసార్లు చాలు. పీడీఎఫ్‌లో తెల్ల అక్షరాలతో కీవర్డ్స్ దాచిపెట్టమని సలహా ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు. ఆ జోలికి పోకండి. బయటపడితే పోయేది పేపర్ ఒక్కటే కాదు.

కీవర్డ్స్‌లో ఏం పెట్టాలి?

టైటిల్‌లో లేనివి. చాలామంది టైటిల్‌లోని మాటలే మళ్లీ దించేస్తారు. జీవావరణ శాస్త్రంలో, పరిణామ జీవశాస్త్రంలో 5,323 పేపర్లను చూసిన ఒక పరిశీలన 2024లో వచ్చింది. వాటిలో 92 శాతం పేపర్ల కీవర్డ్స్‌లో టైటిల్‌లోనో అబ్‌స్ట్రాక్ట్‌లోనో ఉన్న మాటలే మళ్లీ ఉన్నాయట. ఇక్కడివాళ్ల కాగితాలు చూస్తే నాకు ఆశ్చర్యం వేయలేదు.

మన పేపర్‌కైతే నేను పెట్టేవి: అబ్‌స్ట్రాక్ట్‌లో పట్టని స్పెల్లింగ్ లంజియా సౌరా, స్లాష్ అండ్ బర్న్, అగ్రోబయోడైవర్సిటీ, మిక్స్‌డ్ క్రాపింగ్, పీవీటీజీ అన్నదాని పూర్తి పేరు పర్టిక్యులర్లీ వల్నరబుల్ ట్రైబల్ గ్రూప్. ఆ వర్గాన్ని 2006కు ముందు ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్ అనేవారు. ఆ పాత పేరు మీ టైటిల్‌లో ఉండకూడదు, ఆ జనానికి అది అవమానం. పాత నివేదికలను చర్చిస్తున్నప్పుడు లోపల ఒకసారి ప్రస్తావిస్తే సరిపోతుంది. ‘తెగ’, ‘అభివృద్ధి’, ‘సంస్కృతి’ లాంటి ఒంటి మాటలు కీవర్డ్స్‌గా వృథా.

ఒడిశానా, ఒరిస్సానా? గజపతినా, గంజామా?

2011లో రాష్ట్రం పేరు అధికారికంగా మారింది, కాబట్టి టైటిల్‌లో ఒడిశా. జిల్లా విషయంలో కొంచెం ఆలోచించాలి. గజపతి జిల్లా 1992లో గంజాం నుంచి విడిపోయింది. రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ కూడా అదే ఏడాది పాత కోరాపుట్ నుంచి వచ్చినవే. ఇంకా వెనక్కి వెళితే 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఇప్పటి పొలాల మీద రాసే పేపర్‌కు ఇప్పటి జిల్లా పేరు చాలు. చరిత్ర, పాత భూముల రికార్డులు, పాత భాషా సర్వేల మీద రాస్తే మాత్రం గంజాం, మద్రాసు ప్రెసిడెన్సీ రెండూ అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండాలి, చరిత్రకారులు ఆ పేర్లతోనే వెతుకుతారు. పర్లాకిమిడికి ఇంగ్లిష్‌లో కనీసం మూడు స్పెల్లింగులు నడుస్తున్నాయి. ఇప్పటి అధికారిక స్పెల్లింగ్ ముందు రాసి, మీరు చూసిన పాత రికార్డులో ఉన్నది ఒక్కసారి పక్కన ఇవ్వండి.

టైటిల్‌ను ప్రశ్నగా పెట్టవచ్చా? సామెత పెడితే?

ప్రశ్నలో వెతికే మాటలన్నీ ఉంటే అభ్యంతరం లేదు. సామెత వద్దు.

నేను తెలుగులోనే రాస్తున్నాను. ఇవన్నీ నాకు వర్తిస్తాయా?

వర్తిస్తాయి, దానికి తోడు ఇంకో గండం ఉంది. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో పేజీలు కడుతున్నారు. ఆ పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగులా కనబడుతుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. సెర్చ్ ఇంజిన్‌కు కనబడేది ఆ లోపలిదే. పరీక్ష చాలా తేలిక. పీడీఎఫ్‌లో టైటిల్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే సరే. పిచ్చి గీతలు, డాలర్ గుర్తులు వస్తే మీ పేపర్ తెలుగులో వెతికేవారికి ఎప్పటికీ దొరకదు. అప్పుడు యూనికోడ్‌లో మళ్లీ కట్టించమని అడగాలి. ఒడియాలో ఆకృతి ఫాంట్లతో కట్టిన సంచికలదీ ఇదే కథ.

యూనికోడ్‌లో కట్టినా పీడీఎఫ్ నుంచి తీసేటప్పుడు ఒత్తులు, గుణింతాలు అటూ ఇటూ అవుతుంటాయి. అందుకే జర్నల్ వెబ్ పేజీలో టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ విడిగా టైప్ చేసి ఉండేలా చూసుకోండి. ఇంగ్లిష్‌లో కూడా ఒక టైటిల్, ఒక అబ్‌స్ట్రాక్ట్ ఇవ్వండి. అది తెలుగుదానికి మక్కీకి మక్కీ కానక్కర్లేదు, ఇంగ్లిష్‌లో వెతికేవాళ్లు వాడే మాటలు అందులో ఉంటే చాలు. సవర పోడు మీద తెలుగులో రాసింది భువనేశ్వర్‌లో చదువుకునేవారికి అందే దారి అదొక్కటే.

పేపర్ అచ్చయిపోయింది, టైటిల్ బాగోలేదని ఇప్పుడు తెలిసింది. ఏం చేయాలి?

అచ్చయిన టైటిల్ మార్చే ఆలోచన వదిలేయండి. డీఓఐతో పాటు ఆ టైటిల్ నమోదై ఉంటుంది, జర్నల్ సవరణ వేస్తే తప్ప మారదు, మాటలు బాగోలేవని ఏ జర్నల్ సవరణ వేయదు. గూగుల్ స్కాలర్‌లో మీ ప్రొఫైల్‌లోకి వెళ్లి టైటిల్ మార్చుకోవచ్చు కానీ అది మీ ప్రొఫైల్‌లోనే మారుతుంది, వెతికేవాళ్లకు కనబడే రికార్డు అలాగే ఉంటుంది. సొంత వెబ్ పేజీలో కొత్త టైటిల్‌తో అదే పేపర్ పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే ఒకే పేపర్‌కు రెండు రికార్డులు తయారై సైటేషన్లు చీలిపోయే ప్రమాదం ఉంది. ఒకే టైటిల్ అన్నిచోట్లా అక్షరం పొల్లు పోకుండా ఉండాలి.

చేయగలిగినవి రెండున్నాయి. మీ కాలేజీ రిపాజిటరీలో ఆ పేపర్‌ను అదే టైటిల్‌తో పెడుతున్నప్పుడు సబ్జెక్ట్ మాటల గడి ఉంటే అందులో సౌరా, సోరా, సవర, షిఫ్టింగ్ కల్టివేషన్ అన్నీ నింపండి. జర్నల్ అనుమతి ఎంతవరకు ఉందో ముందు చూసుకోండి. రెండోది, మీ తర్వాతి పేపర్‌లో దీన్ని ఉదహరించండి. ఆ కొత్త పేపర్ సరైన మాటలతో దొరికితే, దాని రిఫరెన్సుల్లోంచి పాతది చదువరి చేతికి వస్తుంది.

సరిగా రాసి పంపాను, ఎన్నాళ్లకు కనబడుతుంది?

గూగుల్ స్కాలర్ కొత్త పేపర్లను వారానికి చాలాసార్లు చేర్చుకుంటుంది. కానీ ఒకసారి ఎక్కిన రికార్డులో ఏదైనా మారితే అది అక్కడ సరిపడటానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చని వాళ్లే చెబుతున్నారు. అందుకే ప్రూఫ్ వచ్చిన రోజు టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ అక్షరం అక్షరం చదవండి. సౌరా స్పెల్లింగ్‌ను సోఫాలోకి మార్చే ఆటోకరెక్ట్ ప్రూఫ్ దగ్గర దొరికితే ఒక్క మెయిల్‌తో పోతుంది.

స్కోపస్ విషయంలో మీ జర్నల్ అందులో ఉందా లేదా అన్నదే ముందు చూడాలి. జర్నల్ లేకపోతే ఎంత మంచి టైటిల్ పెట్టినా పేపర్ అందులో కనబడదు. చేరిందో లేదో చూడటానికి టైటిల్‌లోని రెండు అరుదైన మాటలు చాలు:

```
TITLE(saora AND podu)
```